కాటన్ చీరలకు, చొక్కాలకు గంజి ఎంత, ఎలా పెట్టాలి?

ప్రశ్న: ఇంట్లోనే గంజి పెడుతున్నాను, కానీ ఒకసారి చీర అట్టలా బిగుసుకుపోతుంది, ఇంకోసారి అసలు పెట్టనట్టే ఉంటుంది. ముదురు నీలం చీర మీద తెల్లటి మచ్చలు కూడా వచ్చాయి. చీరకు ఎంత గంజి, ఎన్ని నీళ్ళు? చొక్కాలకూ అదే గంజి సరిపోతుందా? ఎలా పెట్టాలో కొంచెం వివరంగా చెప్పండి.

సమాధానం:

అందరూ బకెట్‌లో ఎంత గంజి పోశామనేదే చూస్తారండీ. చూడాల్సింది దండెం మీదకి వెళ్ళేటప్పుడు చీరలో ఎంత గంజి మిగిలిందనేది. ఈ రెండూ ఒకటి కాదు. మీకు ఒక్కోసారి ఒక్కోలా రావడానికి కారణం దాదాపుగా ఇక్కడే ఉంటుంది, అందుకే ముందు ఇది చెప్పి తర్వాత కొలతలకు వస్తాను.

మామూలు పలుచటి కాటన్ చీర ఒకటి పొడిగా ఉన్నప్పుడు 450 గ్రాముల దాకా తూగుతుంది అనుకుందాం. ఉతికి, జాడించి, చేత్తో పిండితే సుమారుగా తన బరువంత నీళ్ళు, అంటే దగ్గర దగ్గర అర లీటరు నీళ్ళు దాంట్లో ఇంకా ఉంటాయి. దాన్ని గంజిలో ముంచినప్పుడు ఆ అర లీటరూ వచ్చి గంజిలో కలిసి దాన్ని పలచన చేస్తుంది. మళ్ళీ పైకి తీసి ఒత్తినప్పుడు, ఈసారి అర లీటరో ఇంకొంచెం ఎక్కువో గంజినీళ్ళు చీరతో పాటు వెళ్తాయి. ఆరాక ఆ నీళ్ళు ఆవిరైపోయి, వాటిలో ఉన్న గంజి మాత్రం గుడ్డలో మిగులుతుంది. చీరకు బిరుసునిచ్చేది అంతే. నేను కింద చెప్పే కొలతతో పెడితే చివరికి చీరలో మిగిలేది ఐదారు గ్రాముల గంజి. అదే గంజిలో ముంచి, ఒత్తకుండా నీళ్ళు కారుతూ ఉండగానే దండెం మీద వేస్తే లీటరుకు పైగా గంజినీళ్ళు చీరలో ఉండిపోతాయి. అంటే అదే బకెట్, అదే గంజి, అదే చీర, కానీ బిరుసు మాత్రం రెట్టింపు, పైగా అదంతా కిందకి జారి ఒక అంచు దగ్గరే పేరుకుంటుంది. ఇక ఉతికిన చీరను అసలు పిండకుండా, నీళ్ళు ఓడుతూ ఉండగా గంజిలో వేశారనుకోండి, గంజి బాగా పలచబడిపోయి పెట్టనట్టే ఉంటుంది. మీరు చెప్పిన రెండు రకాల ఇబ్బందీ ఇదే.

కాబట్టి గంజి చిక్కదనం, ముంచే ముందు చీరను ఎంత పిండారు, ముంచాక ఎంత ఒత్తారు, ఈ మూడూ ప్రతిసారీ ఒకేలా ఉంచుకుంటే ఫలితం కూడా ఒకేలా వస్తుంది. ఏదైనా మార్చాలనుకుంటే చిక్కదనం ఒక్కటే మార్చండి, మిగతా రెండూ కదపకండి.

ఇప్పుడు ఏ గంజి అన్నది. ముదురు రంగు చీర ఉంది కాబట్టి మీకు నేను సగ్గుబియ్యమే చెప్తాను. అది ఉడికాక అద్దంలా పారదర్శకంగా అవుతుంది, ఆరాక కూడా గుడ్డ మీద తెల్లగా కనబడదు. అన్నం వార్చిన గంజి మంచిదే, చాలా మెత్తగా, హాయిగా ఉంటుంది, కానీ దాని చిక్కదనం ఏ రోజుకారోజు మారిపోతుంది. బియ్యం ఎంత పోశారు, నీళ్ళు ఎన్ని పెట్టారు, ఎప్పుడు వార్చారు అన్నదాన్ని బట్టి ఒకరోజు పాలలా, ఒకరోజు కుడితిలా వస్తుంది. చెయ్యి బాగా అలవాటు పడినవాళ్ళకు అది పరవాలేదు, కొలత కోసం వెతుకుతున్నవాళ్ళకు పనికిరాదు. మొక్కజొన్న పిండి, అదే కార్న్‌ఫ్లోర్, తెల్ల చొక్కాలకు బావుంటుంది, ముదురు రంగుల మీద మాత్రం సగ్గుబియ్యం కంటే ఎక్కువ మసకగా కనిపిస్తుంది. మైదా నేను వాడను. ఎంత వడకట్టినా ఏదో ఒక నలుసు మిగులుతుంది, ఇస్త్రీ పెట్టెకు అంటుకుంటుంది.

మీ దగ్గర ఒక ముదురు నీలం చీర, రెండు తెల్ల చొక్కాలు ఉన్నాయనుకుని మొత్తం పని ఒకసారి చేసి చూపిస్తాను. గ్లాసు అంటే పావు లీటరు, పెద్ద చెంచా అంటే వంటకాల కొలతల్లో వాడే 15 మిల్లీలీటర్ల చెంచా, తలకొట్టి తీసుకోవాలి, కుప్పగా కాదు.

గ్లాసు నీళ్ళకు ఒక పెద్ద చెంచా సగ్గుబియ్యం. ఈ ఒక్క కొలత గుర్తుంటే చాలు. ఐదు గ్లాసుల నీళ్ళు, ఐదు చెంచాల సగ్గుబియ్యం తీసుకోండి. సగ్గుబియ్యాన్ని ఆ నీళ్ళలోనే ఒక గంట నానబెట్టి, అదే నీళ్ళతో పొయ్యి మీద పెట్టి, అడుగంటకుండా గరిటెతో తిప్పుతూ సన్న మంట మీద ఉడికించాలి. గింజ మధ్యలో తెల్లటి చుక్క ఉన్నంతసేపూ ఉడకనట్టే. ఆ చుక్క పోయి, గింజ మొత్తం గాజుపూసలా అయి, కరిగిపోయి, నీళ్ళు జిగురుగా మారేదాకా ఉంచాలి. తొందర ఉంటే నానబెట్టకుండా మిక్సీలో పొడి చేసుకుని, ఆ పొడిని కొంచెం చల్లటి నీళ్ళలో జారుగా కలిపి, మరుగుతున్న మిగతా నీళ్ళలో పోస్తూ తిప్పితే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. పొడిని మాత్రం నేరుగా వేడినీళ్ళలో వెయ్యకండి. పైపొర వెంటనే ఉడికి జిగురు కట్టి, లోపలి పిండి పచ్చిగానే ఉండిపోతుంది, ఉండలంటే అవే. కార్న్‌ఫ్లోర్ వాడితే గ్లాసుకు ఒకటిన్నర చెంచా, అది తేలిగ్గా ఉంటుంది కాబట్టి. దాన్ని కూడా ఇలాగే చల్లటి నీళ్ళలో కలిపే మరిగే నీళ్ళలో పోయాలి.

ఉడకడం గురించి ఇంత చెప్తున్నానంటే కారణం ఉంది. పిండి చల్లటి నీళ్ళలో కరగదు, నీళ్ళలో తేలే సన్నటి గింజల్లా ఉంటుంది అంతే. 60, 70 డిగ్రీల వేడి దాటాకే ఆ గింజలు నీళ్ళు పీల్చి ఉబ్బి, పగిలి, జిగురవుతాయి. ఆ జిగురే దారంలోకి ఇంకి, ఆరాక దారాన్ని నిలబెడుతుంది. ఉడకని గింజ దారంలోకి పోదు, గుడ్డ పైనే కూర్చుంటుంది, ఆరాక తెల్లటి పొడిగా రాలుతుంది. మీ నీలం చీర మీద మచ్చలు వేలితో రుద్దితే పొడిలా రాలుతున్నాయా? అయితే గంజి ఉడకలేదు. రుద్దినా రాలకుండా, అక్కడక్కడ గట్టి పొలుసుల్లా అంటుకుని ఉన్నాయా? అయితే ఉండలు, వడకట్టడంలో లోపం. అలా కాకుండా మడతల వెంబడి పొడుగాటి తెల్లటి చారలు ఉంటే అది గంజి తప్పు కాదు, మెలిపెట్టి పిండిన తప్పు. దాని సంగతి కింద చెప్తాను.

ఉడికిన గంజిని వేడిగా ఉండగానే పలుచటి పాత నూలు గుడ్డలో వడకట్టండి. టీ వడకట్టే జల్లెడ చాలదు, దాంట్లోంచి చిన్న ఉండలు దిగిపోతాయి. గుడ్డ మీద మిగిలినదాన్ని గట్టిగా పిసికి కిందకి దించకండి, ఉడకని ముద్ద కూడా దానితోనే వచ్చేస్తుంది. ముదురు రంగు చీర అయితే రెండుసార్లు వడకట్టండి. మరిగేటప్పుడు కొన్ని నీళ్ళు ఆవిరైపోతాయి కాబట్టి, వడకట్టాక వేడినీళ్ళు కలిపి మళ్ళీ సరిగ్గా ఐదు గ్లాసులు చెయ్యండి. చాలామంది వదిలేసే పని ఇదే, రోజుకో రకంగా రావడానికి ఇంకో కారణం కూడా ఇదే.

ఇది చిక్కటి గంజి, దీన్ని అలాగే చీరకు పెట్టరు. ఇందులో మూడు గ్లాసులు ఒక టబ్‌లో పోసి తొమ్మిది గ్లాసుల గోరువెచ్చని నీళ్ళు కలపండి, అంటే ఒకటికి మూడు. మొత్తం మూడు లీటర్లు, ఇది చీరకు. ఇంకో గ్లాసు వేరే గిన్నెలో పోసి ఆరు గ్లాసుల నీళ్ళు కలపండి, ఇది చొక్కాల ఒంటికి. మిగిలిన ఒక్క గ్లాసు ఏమీ కలపకుండా పక్కన పెట్టండి, అది కాలర్లకు, చేతుల పట్టీలకు. చల్లారితే గంజి పైన మీగడలా పొర కడుతుంది, ఆ పొర కూడా మచ్చే అవుతుంది, కాబట్టి వాడబోయే ముందు తీసేయండి లేదా మూతపెట్టి ఉంచండి.

చీరకు ఒకటికి మూడు అన్నది మధ్యరకం బిరుసు. కుచ్చిళ్ళు నిలబడతాయి, నడిస్తే మరీ కరకరలాడదు. మెత్తగా చాలు అనుకుంటే ఒకటికి ఐదు. మందంగా నేసిన చీరకు కూడా ఒకటికి ఐదే చెప్తాను, దానికి సొంతంగా కొంత బిగువు ఉంటుంది, పైగా అది నీళ్ళు ఎక్కువ పట్టుకుంటుంది కాబట్టి గంజి కూడా ఎక్కువ పడుతుంది. చాలాసార్లు ఉతికి నలిగి జావగారిపోయిన పాత చీరకు ఒకటికి రెండు దాకా వెళ్ళొచ్చు, అంతకు మించి వద్దు. గంజి ఎక్కువైన గుడ్డ మడత దగ్గర పెళుసుబారుతుంది, అదే మడత మీద మళ్ళీ మళ్ళీ ఇస్త్రీ పడితే అక్కడే చీలుతుంది. కొత్త చీరకు నేత సమయంలో వేసిన గంజి ఇంకా ఉంటుంది, మొదటి ఒకటి రెండు ఉతుకుల్లో అది పోయి గుడ్డ మెత్తబడ్డాకే మీరు పెట్టాలి. దాని మీదే పెట్టేస్తే అట్ట అవ్వకుండా ఎలా ఉంటుంది.

కొలత సరిపోయిందో లేదో తడిగా ఉన్నప్పుడు చేత్తో పట్టుకుని తెలుసుకోలేం. వేళ్ళకు జిగురుగా తగిలింది కదా అని కొంతమంది నిర్ణయించేస్తారు, గోరువెచ్చగా ఉన్నప్పుడు పలచగా అనిపించేది చల్లారాక చిక్కగా ఉంటుంది, వేలికి అది తెలియదు. పాత కాటన్ జేబురుమాలో, జాకెట్టు ముక్కో, చీరంత మందం ఉన్న ఏదో ఒక ముక్కను తడిపి, పిండి, గంజిలో ముంచి, ఒత్తి, ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టి చూడండి. రెండు నిమిషాల పని. ముక్కను వేళ్ళ మధ్య మడిచి వదిలితే మెల్లగా తెరుచుకోవాలి. మడత అలాగే నిలబడిపోతే ఎక్కువైంది, నీళ్ళు కలపండి. వదలగానే వాలిపోతే పక్కన పెట్టిన చిక్కటి గంజి కాస్త కలపండి.

గంజి పెట్టే ముందు చీరలో సబ్బు అస్సలు మిగలకూడదు. జాడించిన నీళ్ళు తేటగా, నురగ లేకుండా వచ్చేదాకా జాడించండి. సబ్బు మీద గంజి పట్టి ఇస్త్రీ వేడికి పసుపు పచ్చగా మాడుతుంది, తెల్ల చొక్కాల కాలర్ల మీద అది స్పష్టంగా కనిపిస్తుంది. బట్టలు మెత్తబడడానికి చివర్లో వేసే సువాసన ద్రవాలు ఉంటాయి కదా, గంజి పెట్టే రోజు అవి వద్దు, అవి చేసే పని గంజికి సరిగ్గా వ్యతిరేకం. పోయినసారి పెట్టిన గంజి కూడా పూర్తిగా పోవాలి, లేకపోతే ప్రతి ఉతుక్కూ పొరమీద పొర చేరుతుంది. ఉతికే ముందు చీరను మామూలు నీళ్ళలో అరగంట నానబెడితే పాత గంజి చాలావరకు వదులుతుంది. రంగు పోదన్న నమ్మకం ఉంటే గోరువెచ్చని నీళ్ళు ఇంకా మంచిది. నీళ్ళు మసకగా జిగురుగా అయ్యాయంటే వదిలిందన్నమాట.

ఇక ముంచడం. రంగు దిగే భయం ఉంది కాబట్టి తెల్ల చొక్కాలు, నీలం చీర వేరు వేరు గిన్నెల్లోనే. చీరను బాగా పిండి, ఒకసారి దులిపి, పూర్తిగా విప్పి, మళ్ళీ వదులుగా కుచ్చిళ్ళలా చేతుల మీదకి తీసుకోండి. పిండిన ముద్దను అలాగే గంజిలో పడేస్తే బయటి మడతలకు ముందు చిక్కటి గంజి తగులుతుంది, లోపలి మడతల దగ్గరికి వెళ్ళేసరికి అక్కడున్న నీళ్ళతో కలిసి పలచబడుతుంది, దాంతో ఒకచోట బిరుసు ఒకచోట మెత్తన. ఒక కొస మాత్రం ఎండి, మిగతాది తడిగా ఉన్నా ఇదే జరుగుతుంది, ఎండిన చోట గుడ్డ గంజిని ఎక్కువగా లాగేసుకుంటుంది. కాబట్టి చీర అంతా ఒకే తడిలో ఉండాలి, ఒకేసారి మునగాలి. ముంచాక అరచేతులతో కిందకి నొక్కుతూ, పైది కిందకి కిందది పైకి తిప్పుతూ రెండు మూడు నిమిషాలు. అంతకంటే ఎక్కువసేపు నానబెట్టినందువల్ల పెద్ద లాభం లేదు. కొంగు చివరను, ఫాల్ కుట్టిన వైపును ఒకసారి చేత్తో విడదీసి చూడండి, అక్కడ గుడ్డ రెండు పొరలు కాబట్టి గాలి బుడగ చిక్కుకుని గంజి అందకుండా ఉండిపోతుంది.

జరీ అంచు ఉన్న కాటన్ చీర అయితే ఒకటికి ఐదు కంటే చిక్కగా వద్దు, జరీ మీద గంజి పేరుకుంటే మెరుపు మందగిస్తుంది.

తీసేటప్పుడు మెలిపెట్టి పిండకండి. ఇది ముఖ్యం. మెలి తిప్పినప్పుడు గుడ్డ బిగుసుకున్న చోట గంజి బయటకు వెళ్ళిపోతుంది, మడత సందుల్లో చేరి అక్కడే ఉంటుంది, ఆరాక ఆ సందులన్నీ చారలుగా కనబడతాయి. ముదురు చీర మీద పొడుగాటి తెల్ల గీతలు అలా వచ్చేవే. చీరను రెండు అరచేతుల మధ్య పెట్టి, ఒక చివర నుంచి ఇంకో చివరకు జరుపుకుంటూ, నీళ్ళు ధారగా కారడం ఆగి చుక్కలు పడే దశ దాకా ఒత్తండి. వాషింగ్ మెషీన్‌లో తిప్పి ఆరబెట్టే పద్ధతి కూడా కొందరు వాడతారు, చొక్కాలకు పరవాలేదు, చీరకు మాత్రం మడతలు గట్టిపడి, ఇస్త్రీకి లొంగని ముడతలు పడతాయి. మెషీన్ ఆఖరి జాడింపులో గంజి పోయడం కూడా నేను చెప్పను, ఆ నీళ్ళు ఎన్నో మనకు తెలియదు కాబట్టి పైన చెప్పిన లెక్క ఏదీ అక్కడ పనిచెయ్యదు.

ఒత్తాక చీరను గట్టిగా దులపండి. ఇంకొకరు ఉంటే రెండు చివరలూ ఇద్దరూ పట్టుకుని, అంచులు ఎదురెదురుగా లాగి సరిచేయండి. తడిగా ఉన్నప్పుడు లాగి సరిచేసిన అంచు అలాగే ఆరుతుంది, వంకరగా ఆరిన అంచును గంజి అలాగే పట్టి ఉంచుతుంది, తర్వాత ఎంత ఇస్త్రీ చేసినా పూర్తిగా రాదు. ముఖ్యంగా ఫాల్ దగ్గర. ఫాల్ గుడ్డ, చీర గుడ్డ ఒకేలా కుంచించుకోవు కదా, అక్కడ సన్నటి ముడతలు వస్తాయి, వాటిని వేళ్ళతో లాగి తడి మీదే చదును చేయాలి.

ఆరేసేటప్పుడు నాలుగు మడతలు పెట్టి దండెం మీద వెయ్యకండి. వీలైనంత ఒంటి పొరగా, లేకపోతే కనీసం రెండు పొరలు మించకుండా పరచండి. తడి కిందకి దిగుతుంది, దానితో పాటు గంజి కూడా దిగి కింది అంచు దగ్గర చేరుతుంది. అందుకని పది పదిహేను నిమిషాలయ్యాక, ఇంకా తడిగా ఉండగానే, కింద ఉన్నది పైకి వచ్చేలా ఒకసారి తిప్పి వెయ్యండి. దండెం తీగకు తుప్పు ఉందేమో చూసుకోండి, గంజి తడికి ఆ మరక పట్టిందంటే ఇక వదలదు. రంగు చీరలు నీడలోనే, తిరగేసి. తెల్లవి ఎండలో వేసుకోవచ్చు. ముసురు పట్టిన రోజున గంజి పని పెట్టుకోకండి, నెమ్మదిగా ఆరిన గంజి పులిసి వాసన కొడుతుంది, నల్లటి బూజు చుక్కలు కూడా వస్తాయి, ఆ చుక్కలు పోగొట్టడం చాలా కష్టం.

చొక్కాల విషయానికి వస్తే, చీరకు పెట్టిన గంజి చొక్కా మొత్తానికి పెడితే వేసుకున్నవాళ్ళకు మెడ దగ్గర, చంకల దగ్గర గుచ్చుకుంటుంది, చెమట పీల్చదు, నలిగినప్పుడు గీతలు గీతలుగా నలుగుతుంది. అందుకే ఒంటికి ఒకటికి ఆరు. చొక్కాను బొత్తాలన్నీ విప్పి, పిండి, ఆ పలచటి గంజిలో ముంచి ఒత్తండి. తర్వాత పక్కన ఉంచిన చిక్కటి గంజిలో కాలరు, చేతుల పట్టీలు, బొత్తాల పట్టీ, ఈ మూడు చోట్ల మాత్రమే ముంచి, రెండు వేళ్ళ మధ్య రుద్దుతూ లోపలికి ఇంకేలా చేయండి. కాలరు రెండు పొరలు, లోపల మధ్య పొర కూడా ఉంటుంది, పైన పూసి వదిలేస్తే గంజి పై పొర మీదే ఉండి ఇస్త్రీ పెట్టెకు అంటుకుంటుంది, లోపల మెత్తగానే ఉంటుంది. రుద్దాక పొడి నూలు గుడ్డతో పైన మిగిలిన జిగురు తుడిచేయండి. ఈ తుడవడం ఒక్కటి చేస్తే కాలరు మీద మెరుపు మచ్చలు, పొలుసులు రావు. ఇప్పుడు వచ్చే చొక్కాల్లో చాలావాటికి కాలరు లోపలి పొరను వేడితో అతికించే ఉంచుతారు, అది ఉతికాక కూడా గట్టిగా నిలబడుతుంది. అలాంటి కాలరుకు చిక్కటి గంజి అక్కర్లేదు, ఒంటికి పెట్టిందే చాలు. పాలియెస్టర్ కలిసిన చొక్కాలకు గంజి పెట్టి శ్రమపడకండి. గంజి నూలు దారానికి పట్టినట్టు ఆ దారానికి పట్టదు, పైపైన ఆరి, వేసుకున్నప్పుడు పొడిపొడిగా రాలుతుంది. తెల్ల చొక్కాలకు నీలిమందు వేసే అలవాటు ఉంటే గంజి నీళ్ళలో బాగా కలిపి, కరిగిందో లేదో చూసుకునే చొక్కా ముంచండి, కలవని చుక్క ఒకటి ఉన్నా గంజి దాన్ని అక్కడే అతికించేస్తుంది.

ఇస్త్రీ అన్నది గంజిలో సగం పని. మొత్తం ఎండి కర్రలా అయిన చీరను అలాగే ఇస్త్రీ చేస్తే ముడతలు పోవు, పెట్టెను ఎంత నొక్కినా లాభం ఉండదు, గంజి మాత్రం పొడిగా లేస్తుంది. దండెం మీద ఇంకా కాస్త చెమ్మ ఉండగానే, ముట్టుకుంటే చల్లగా తగిలే దశలోనే తీసి ఇస్త్రీ చేసుకుంటే అన్నిటికంటే బావుంటుంది. అప్పుడు కుదరకపోతే, నీళ్ళు సన్నగా చల్లి, చీరను గట్టిగా చుట్టి, ఒక ప్లాస్టిక్ సంచిలో అరగంట నుంచి గంట సేపు ఉంచండి. చల్లిన నీళ్ళు చుక్కలు చుక్కలుగా కాకుండా గుడ్డంతా ఒకేలా పాకుతాయి. వేడి కాటన్‌కు పెట్టే వేడే, కానీ పెట్టెను ఒక్కచోట ఆపకండి, గంజి గుడ్డ కంటే ముందే మాడుతుంది. పెట్టె బరువెక్కినట్టు, గుడ్డను పట్టి లాగుతున్నట్టు అనిపిస్తే అడుగున గంజి అంటుకుందని అర్థం, వెంటనే ఆపి చల్లారాక తడిగుడ్డతో తుడవండి. లేకపోతే ఆ అంటుకున్నది మాడి గోధుమ రంగులోకి తిరిగి, తర్వాత వచ్చే తెల్ల చొక్కా మీద దిగుతుంది. ముదురు చీరను తిరగేసి, అంటే లోపలి వైపు నుంచే చెయ్యాలి, పై వైపు చేస్తే మడత వచ్చిన చోటల్లా మెరుపు తేలుతుంది. కాలరును కొసల నుంచి మధ్యకు ఇస్త్రీ చేస్తే ముడత కొసల దగ్గర చేరదు.

ఇప్పుడు మీ దగ్గర ఇప్పటికే పాడైనవాటి సంగతి. అట్టలా అయిన చీరను మళ్ళీ సబ్బు పెట్టి ఉతకక్కర్లేదు. గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు ముంచి, చేతులతో నొక్కి, ఒత్తి ఆరేయండి. గంజిలో కొంత భాగం నీళ్ళలోకి దిగిపోయి మిగతాది గుడ్డంతటా సర్దుకుంటుంది, ఎక్కువశాతం చీరలు దీంతోనే సరైన బిరుసుకు వచ్చేస్తాయి. తెల్ల మచ్చలున్న నీలం చీరకు ఇది చాలదు. ముందు ఎండిన మీదే మెత్తటి బ్రష్‌తో పొడి దులిపి, అరగంట నీళ్ళలో నానబెట్టి, మచ్చల దగ్గర చేత్తో మెల్లగా రుద్ది, మళ్ళీ జాడించి, ఈసారి రెండుసార్లు వడకట్టిన సగ్గుబియ్యం గంజి ఒకటికి ఐదుతో పెట్టండి. మొదటిసారే ఒకటికి మూడుతో వద్దు, ముందు మచ్చ లేకుండా రావడం చూసుకోండి, బిరుసు తర్వాత పెంచుకోవచ్చు. పెట్టనట్టు ఉన్న చీరకైతే ఉతకడం అవసరం లేదు, మామూలు నీళ్ళలో అంతా ఒకేలా తడిపి, పిండి, ఒకటికి మూడులో మళ్ళీ ముంచితే సరి.

మిగిలిన గంజిని మర్నాటికి దాచకండి. ఫ్రిజ్‌లో పెట్టినా గడ్డకట్టి నీళ్ళు విడిపోతాయి, మళ్ళీ వేడి చేసినా ముందులా నున్నగా రాదు. ఎంత కావాలో అంతే చేసుకోవడం మంచిది, గ్లాసుకు చెంచా లెక్క ఉంది కాబట్టి ఒక్క చొక్కా కోసమైనా చేసుకోవచ్చు. బజారులో దొరికే గంజి పొడులు, ద్రవాలు వాడాలనుకుంటే కవరు మీద రాసినదానిలో సగంతో మొదలుపెట్టి, పైన చెప్పిన గుడ్డముక్క పరీక్ష చేసుకోండి.

ఇంకొక్కటి. గంజి పెట్టిన చీరలను నెలల తరబడి బీరువాలో ఉంచకండి. గంజి వాసనకు వెండిపురుగులు చేరి గుడ్డ కొరుకుతాయి, మడతల దగ్గర దారం కూడా పెళుసుబారుతుంది. కట్టుకునే రోజులు దగ్గర్లో ఉన్నవాటికే గంజి. చాలాకాలం కట్టననుకున్న చీరను గంజి లేకుండా ఉతికి, బాగా ఆరబెట్టి, ఇస్త్రీ కూడా చెయ్యకుండా వదులుగా మడిచి పెట్టండి, కట్టుకోవడానికి రెండు మూడు రోజుల ముందు గంజి పెట్టుకోవచ్చు.